బాణానికో వాక్యం: ఫ్రేమ్‌వర్క్ డయాగ్రమ్‌ని హైపోథిసిస్‌లతో ఎలా కలపాలి?

ప్రశ్న: మేడం, నర్సుల ఉద్యోగ జీవితం మీద పీహెచ్‌డీ ప్రపోజల్ రాస్తున్నాను. పనిభారం, మానసిక అలసట, సూపర్‌వైజర్ మద్దతు, ఉద్యోగ తృప్తి, జీతం, వయసు, అనుభవం, ఉద్యోగం మానేయాలనే ఆలోచన, వీటన్నిటినీ పెట్టి కాన్సెప్చువల్ ఫ్రేమ్‌వర్క్ గీశాను. ఎనిమిది బాక్సులు, పదమూడు బాణాలు వచ్చాయి. హైపోథిసిస్‌లు మాత్రం ఐదే. మా గైడ్ దాని మీద "ఏ బాణం ఏ హైపోథిసిస్?" అని ఒక్క ముక్క రాసి తిప్పి పంపారు. వచ్చే వారం మళ్ళీ ఇవ్వాలి, చాలా టెన్షన్‌గా ఉంది. డయాగ్రమ్, హైపోథిసిస్‌లు రెండూ జత చేశాను. ఎక్కడ సరిచేయాలి?

సమాధానం: ముందు ఆ డయాగ్రమ్ ఫైలు మూసేయండి. సరిచేయాల్సింది బొమ్మలో కాదు, మీ ఐదు వాక్యాల్లో. వాక్యాలు కుదిరితే బొమ్మ గీయడానికి అరగంట చాలు, అవి కుదరకుండా బొమ్మని ఎన్నిసార్లు గీసినా మీ గైడ్ అదే ప్రశ్న మళ్ళీ రాస్తారు.

బాక్సు నుంచి బాక్సుకి ఒక బాణం గీశామంటే, "ఇది మారితే అది మారుతుంది, దాన్ని నేను డేటాతో పరీక్షిస్తాను" అని మాటిచ్చినట్టు. మీరు పదమూడు మాటలిచ్చారు. ఐదు హైపోథిసిస్‌లలో ఎన్నిటికి సొంత బాణం కావాలో లెక్కపెట్టి చూశాను. నాలుగింటికే కావాలి, ఎందుకో కింద చెప్తాను. అంటే తొమ్మిది బాణాల వెనక ఏ వాక్యమూ లేదు. గైడ్ అడిగింది ఆ తొమ్మిది గురించే.

అవి ఎలా వచ్చి చేరాయో ఊహించగలను. లిటరేచర్ రివ్యూలో ఒక పేపర్ జీతం గురించి చెప్పింది, ఇంకోటి ఉద్యోగ తృప్తి గురించి చెప్పింది, చదివినదంతా బొమ్మలో కనిపించాలనిపించింది. కానీ మీరు చదివినదంతా రివ్యూ చాప్టర్‌లో ఉంటే చాలు. బొమ్మలో ఉండాల్సింది మీరు పరీక్షించబోయేది మాత్రమే. గీయని బాణం కూడా ఒక మాట చెప్తుందని గుర్తుపెట్టుకోండి: రెండు బాక్సుల మధ్య ఖాళీ వదిలామంటే "వీటి మధ్య నేరు సంబంధం గురించి నేనేమీ అనడం లేదు" అని. అలా వదిలేయడం తప్పేమీ కాదు.

కాబట్టి ముందు నాలుగు బాక్సుల సంగతి తేల్చుకోవాలి: జీతం, వయసు, అనుభవం, తృప్తి. వీటి మీద మీకు ఒక్క హైపోథిసిస్ కూడా లేదు. అలాగని నాలుగింటినీ ఒకే గాటన కట్టకండి. అనుభవాన్ని తీసుకోండి. కొత్తగా చేరినవాళ్ళకి కష్టమైన షిఫ్టులు ఎక్కువ పడొచ్చు, మానేసి వేరేచోటికి వెళ్ళే ఆలోచన కూడా వాళ్ళలో ఎక్కువ ఉండొచ్చు. అలాంటప్పుడు పనిభారానికీ మానేయాలనే ఆలోచనకీ మధ్య కనిపించే సంబంధంలో కొంత నిజానికి అనుభవం వల్ల వచ్చింది అవుతుంది. దాన్ని విడదీయాలి కాబట్టి అనుభవం కంట్రోల్ వేరియబుల్. వయసూ జీతమూ దాదాపు అదే వరస. ఈ మూడింటినీ ఒకే చుక్కల గీత బాక్సులో పెట్టి కింద ఒక మూలకి చేర్చండి, అక్కడి నుంచి మానేయాలనే ఆలోచనకీ అలసటకీ సన్నని చుక్కల బాణాలు వేయండి, లేదా అసలు బాణాలే లేకుండా బొమ్మ కింద "కంట్రోల్ వేరియబుల్స్: వయసు, అనుభవం, జీతం" అని ఒక లైను రాయండి. రెండూ చెల్లుతాయి. నేనైతే లైనే రాస్తాను, బొమ్మ తేలిగ్గా ఉంటుంది.

తృప్తి సంగతి వేరు. "హైపోథిసిస్ లేదు కదా, ఇది కూడా కంట్రోల్‌లో పడేద్దాం" అనిపిస్తుంది. అలా చేయకండి. పనిభారం పెరిగితే తృప్తి తగ్గుతుంది, తృప్తి తగ్గితే మానేయాలనిపిస్తుంది. అంటే తృప్తి మీ పనిభారానికీ ఫలితానికీ మధ్య దారిలో ఉంది. దారిలో ఉన్నదాన్ని కంట్రోల్ చేస్తే, మీరు కొలవాలనుకున్న ప్రభావంలోనే ఒక ముక్క కోసేసినట్టవుతుంది, చివరికి "పనిభారానికి పెద్దగా ప్రభావం లేదు" అని తప్పుడు ఫలితం రావచ్చు. కంట్రోల్ అనేది కారణానికి ముందు ఉండేది, కారణం వల్ల పుట్టేది కాదు. తృప్తిని రెండో మీడియేటర్‌గా పెట్టి దానికో హైపోథిసిస్ రాయాలి, లేదా ఈ అధ్యయనంలోంచి తీసేయాలి. మీ ఐదు హైపోథిసిస్‌లూ అలసట చుట్టూనే ఉన్నాయి, కాబట్టి తీసేయమనే నా సలహా. "భవిష్యత్ పరిశోధన" అన్న చోట దానికి ఒక వాక్యం ఇవ్వండి.

ఇక మిగిలినవి నాలుగు బాక్సులు. వాటి పేర్లొకసారి చూద్దాం. బాక్సులో పెట్టే పేరు పెరగడానికీ తగ్గడానికీ వీలున్నది కావాలి. మీ డయాగ్రమ్‌లో ఒక బాక్సు మీద "పనిభారం ప్రభావం" అని రాశారు. ప్రభావం అనేది బాక్సు కాదు, అది బాణం. "పనిభారం" అంటే చాలు. ఇంకో బాక్సులో "సూపర్‌వైజర్ మద్దతు లేకపోవడం" అని ఉంది, ప్రశ్నావళిలో మాత్రం "మా సూపర్‌వైజర్ నా ఇబ్బంది వింటారు" లాంటి ప్రశ్నలు పెట్టారు. అక్కడ ఎక్కువ మార్కు వస్తే మద్దతు ఎక్కువని అర్థం, బాక్సేమో మద్దతు లేమి గురించి చెప్తోంది. గుర్తులు తారుమారవుతాయి, ప్లస్ రావాల్సిన చోట మైనస్ వస్తుంది, అప్పుడు హైపోథిసిస్ నిలిచిందా వీగిపోయిందా అని మీకే అర్థం కాదు. స్కేలు ఏ దిక్కున పెరుగుతుందో బాక్సు పేరు కూడా అదే దిక్కున ఉండాలి.

అలసట విషయంలో ఒక చిన్న జాగ్రత్త. మాస్లాక్ 1981లో తెచ్చిన ఇన్వెంటరీలో బర్నవుట్‌కి మూడు పార్శ్వాలున్నాయి: మానసిక అలసట, మనుషుల పట్ల మొద్దుబారడం, సాధించింది తక్కువనిపించడం. మీరు బాక్సులో "బర్నవుట్" అని రాసి హైపోథిసిస్‌లో "మానసిక అలసట" అంటే, చదివేవాళ్ళు ఒకటి కొలుస్తారా మూడా అని అడుగుతారు. మీ ప్రశ్నావళిలో ఒక్క అలసట ప్రశ్నలే ఉన్నాయి కాబట్టి బాక్సు, హైపోథిసిస్, ప్రశ్నావళి మూడుచోట్లా "మానసిక అలసట" అనే ఉంచండి. పర్యాయపదాలు వ్యాసాల్లో బావుంటాయి, ఇక్కడ మాత్రం ఒక వస్తువుకి ఒకే పేరు.

ఇప్పుడు ఐదు వాక్యాల దగ్గరికి వద్దాం. H2 "పనిభారం పెరిగితే మానసిక అలసట పెరుగుతుంది", H3 "మానసిక అలసట పెరిగితే ఉద్యోగం మానేయాలనే ఆలోచన పెరుగుతుంది". ఈ రెండింటికీ పేచీ లేదు. ఒక్కో వాక్యంలో రెండు పేర్లు, ఒక దిక్కు, ఒక గుర్తు ఉన్నాయి, ఒక్కో బాణం వేసేయొచ్చు.

H4 "పనిభారానికీ మానేయాలనే ఆలోచనకీ మధ్య మానసిక అలసట మీడియేటర్‌గా పనిచేస్తుంది". దీనికి మీరు పనిభారం నుంచి అలసట మీదుగా ఒక వంపు బాణం విడిగా గీసి H4 అని రాశారు. అది అక్కర్లేదు. H2 బాణం, H3 బాణం కలిపితే వచ్చే దారే H4. ఆ దారి ఇప్పటికే బొమ్మలో ఉంది. మీడియేషన్ హైపోథిసిస్‌కి సొంత బాణం ఉండదు. ఇందాక నాలుగే అన్నది అందుకే. బొమ్మ కింద "H4: H2, H3 గుండా వెళ్ళే పరోక్ష ప్రభావం" అని రాస్తే సరిపోతుంది.

H1 పైకి సులువుగా కనిపిస్తుంది కానీ, చాలా ప్రపోజల్స్ జారిపడేది ఇక్కడే. "పనిభారం పెరిగితే మానేయాలనే ఆలోచన పెరుగుతుంది" అని రాశారు, పనిభారం నుంచి చివరి బాక్సుకి నేరుగా బాణం వేశారు. మీ వాక్యం చెప్పేది మొత్తం ప్రభావం గురించి. మీ బాణం చెప్పేది, అలసటని మధ్యలో పెట్టాక ఇంకా మిగిలిన నేరు ప్రభావం గురించి. రెండూ ఒకటి కావు. అర్థం కావడానికి ఊరికే కొన్ని అంకెలు అనుకుందాం: పనిభారం ఒక పాయింటు పెరిగితే అలసట 0.5 పెరుగుతుంది, అలసట ఒక పాయింటు పెరిగితే మానేయాలనే ఆలోచన 0.4 పెరుగుతుంది, నేరు బాణం విలువ 0.1. అప్పుడు అలసట గుండా వెళ్ళేది 0.5 × 0.4, అంటే 0.20. నేరుగా వెళ్ళే 0.10 కలిపితే మొత్తం 0.30. ఇప్పుడు మీ H1 పరీక్షించేది 0.30నా, 0.10నా? మొత్తం ప్రభావం స్పష్టంగా ఉండి, నేరు ప్రభావం సున్నా దగ్గర ఆగిపోతే, H1 నిలిచిందని రాస్తారా, వీగిపోయిందని రాస్తారా? డేటా వచ్చాక ఈ ప్రశ్న ఎదురైతే చాలా ఇబ్బంది పడతారు. ఇప్పుడే వాక్యంలో తేల్చేయండి. మొత్తం ప్రభావమే మీ ఉద్దేశమైతే "H1: పనిభారానికీ మానేయాలనే ఆలోచనకీ మధ్య ధనాత్మక సంబంధం ఉంటుంది (మొత్తం ప్రభావం)" అని రాసి, ఆ మాటే బొమ్మ కింద కూడా చెప్పండి. నేరు ప్రభావమైతే "మానసిక అలసటని లెక్కలోకి తీసుకున్న తర్వాత కూడా" అన్న ముక్క H1లో చేర్చండి. అసలు నేరు బాణమే తీసేస్తే, ప్రభావమంతా అలసట గుండానే వెళ్తుందని అన్నట్టు. అది చాలా గట్టి మాట, దానికి గట్టి సిద్ధాంతం కావాలి. మీ దగ్గర అంత లేదు కాబట్టి బాణం ఉంచండి.

అన్నిటికన్నా ఎక్కువ పని H5కి ఉంది. మీరు రాసింది ఇది: "సూపర్‌వైజర్ మద్దతు పనిభారం, అలసట, మానేయాలనే ఆలోచనలపై ప్రభావం చూపుతుంది." బొమ్మలో మద్దతు నుంచి మూడు బాక్సులకీ మూడు బాణాలు. రాతలో మాత్రం పైన ఒకచోట దాన్ని "మోడరేటర్" అన్నారు. మోడరేటర్ బాణం బాక్సు మీద వాలదు. అది ఇంకో బాణం మీద వాలుతుంది.

నా ప్రపోజల్‌లో నేనూ సరిగ్గా ఈ తప్పే చేశాను. మోడరేటర్ అని రాసి, బాణాన్ని నేరుగా ఫలితం బాక్సుకి గీశాను. కమిటీలో ఒకరు ఆ బాణం మీద పెన్ను పెట్టి "ఇది దేన్ని మారుస్తోంది?" అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు, వాక్యాలు తిరగరాసి మళ్ళీ కమిటీ ముందుకి వెళ్ళడానికి నెలకి పైగా పట్టింది. అందుకే దీని మీద కాస్త ఎక్కువసేపు ఉంటాను.

మద్దతు మూడు రకాలుగా పనిచేయొచ్చు. మద్దతు ఉంటే అలసట తగ్గుతుంది, పనిభారం ఎంతున్నా సరే: ఇది మామూలు కారణం, మద్దతు నుంచి అలసట బాక్సుకి బాణం. పనిభారం పెరిగినప్పుడు సూపర్‌వైజర్ మద్దతు తగ్గిపోతుంది, దానివల్ల జనం అలసిపోతారు: ఇది మీడియేటర్, మద్దతు దారి మధ్యలో కూర్చుంటుంది. మూడోది, అదే పనిభారం మంచి సూపర్‌వైజర్ ఉన్న వార్డులో తక్కువ అలసట తెస్తుంది, పట్టించుకోని సూపర్‌వైజర్ ఉన్న వార్డులో ఎక్కువ తెస్తుంది: ఇదే మోడరేటర్. మీడియేటర్ "ఎలా, ఏ దారిన" అన్నదానికి జవాబు, మోడరేటర్ "ఎప్పుడు, ఎవరి విషయంలో ఎంత" అన్నదానికి జవాబు. ఈ తేడాని విడమర్చి చెప్పిన బేరన్, కెన్నీల వ్యాసం 1986లో వచ్చింది. మీడియేషన్‌ని పరీక్షించడానికి అందులో చెప్పిన అంచెల పద్ధతిని ఇప్పుడు చాలామంది పక్కనపెట్టి, పరోక్ష ప్రభావాన్ని నేరుగా బూట్‌స్ట్రాప్‌తో చూస్తున్నారు గానీ, ఈ రెండింటి మధ్య తేడాకి మాత్రం ఇప్పటికీ అందరూ దాన్నే పట్టుకుంటారు.

మీ మనసులో ఉన్నది మూడోదే అనుకుంటున్నాను, ఎందుకంటే మీరు ఆధారంగా తీసుకున్న సిద్ధాంతం అదే చెప్తుంది. 2001లో డెమెరౌటి, బక్కర్ తదితరులు ప్రతిపాదించిన జాబ్ డిమాండ్స్-రిసోర్సెస్ మోడల్‌లో పనిభారం డిమాండ్ అయితే, సూపర్‌వైజర్ మద్దతు రిసోర్స్. డిమాండ్ వల్ల పడే దెబ్బని రిసోర్స్ ఆపుతుందన్న వాదన ఆ వరసలోదే. అంటే బాణం ఎక్కడ వాలాలో మీ సిద్ధాంతమే చెప్తోంది: పనిభారం నుంచి అలసటకి వెళ్ళే H2 బాణం మీద.

కానీ ఆగండి, ఇంకో చోటు కూడా ఉంది. "అలసిపోయినా సరే, సూపర్‌వైజర్ మంచివాళ్ళైతే మానేయాలని అనుకోరు" అనే వాదన కూడా వినడానికి సబబుగానే ఉంటుంది. అప్పుడు బాణం H3 మీద వాలుతుంది. మొదటిది నిజమైతే మద్దతు అలసటనే రాకుండా చూస్తుంది, రెండోది నిజమైతే అలసట వచ్చాక మనిషిని నిలబెడుతుంది. ఈ రెండూ వేర్వేరు కథలు, వేర్వేరు విశ్లేషణలు. హేస్ తయారుచేసిన PROCESS మ్యాక్రో వాడబోతున్నట్టు రాశారు కదా, అందులో మొదటిది Model 7, రెండోది Model 14. బొమ్మలో బాణం కొన రెండంగుళాలు అటు జరిగితే మోడల్ నంబరే మారిపోతుంది. అటూ ఇటూ రెండు బాణాలు వేస్తే ఇంకా ఎక్కువ మందిని సర్వే చేయాల్సి వస్తుంది, ఎందుకంటే ఇలాంటి ఇంటరాక్షన్ ప్రభావాలు సాధారణంగా చిన్నగా ఉంటాయి, తక్కువ శాంపిల్‌లో దొరకవు. ఒకటే ఎంచుకోండి. మీ సిద్ధాంతం మొదటిదాని వైపు ఉంది.

అప్పుడు H5 ఇలా అవుతుంది: "సూపర్‌వైజర్ మద్దతు ఎక్కువగా ఉన్నప్పుడు, పనిభారానికీ మానసిక అలసటకీ మధ్య ధనాత్మక సంబంధం బలహీనపడుతుంది." మూడు పేర్లూ ఉన్నాయి, ఏ సంబంధం మారుతుందో ఉంది, ఎటు మారుతుందో ఉంది. మీ పాత వాక్యంలో ఉన్న "ప్రభావం చూపుతుంది" అన్న మాట ఈ మూడింటిలో ఒక్కటీ చెప్పదు. ఎటు మారుతుందో చెప్పని మోడరేషన్ హైపోథిసిస్‌ని వెనక్కి పంపేయమన్నా నాకు అభ్యంతరం లేదు.

బాణం బాణం మీద ఎందుకు వాలుతుందో ఒక్కసారి లెక్కలో చూస్తే ఇక జన్మలో మర్చిపోరు. పనిభారం X, అలసట M, మద్దతు W, మానేయాలనే ఆలోచన Y అనుకుంటే, మీరు వేసే సమీకరణాలు ఇవి (కంట్రోల్స్ వదిలేశాను):

```
M = a0 + a1*X + a2*W + a3*X*W
Y = b0 + c*X + b*M
```

మొదటి లైనులో X ఉన్న ముక్కల్ని కలిపితే, పనిభారం అలసటని ఎంత పెంచుతుందన్నది `a1 + a3*W` అవుతుంది. ఊరికే a1 = 0.6, a3 = −0.1 అనుకుందాం. మద్దతు స్కేలు 1 నుంచి 5 వరకు ఉంటే, మద్దతు 1 ఉన్నచోట పనిభారం ప్రభావం 0.5, మద్దతు 5 ఉన్నచోట 0.1. చూశారా, W మారుస్తున్నది M ఒక్కదాన్నే కాదు, X నుంచి M కి వెళ్ళే వాలునే మారుస్తోంది. ఆ వాలే H2 బాణం. అందుకే W బాణం దాని నడుమ మీద వాలాలి. H5 నిలవడమంటే a3 రుణాత్మకంగా వచ్చి, సున్నాకి స్పష్టంగా దూరంగా ఉండడం. సమీకరణంలో `a2*W` ఉంది కాబట్టి W నుంచి M కి కూడా బాణం గీయాలా అని అడుగుతారేమో. లెక్కలో అది తప్పకుండా ఉండాలి, బొమ్మలో అక్కర్లేదు, దాని మీద మీకు హైపోథిసిస్ లేదు కాబట్టి. కాన్సెప్చువల్ బొమ్మ వేరు, విశ్లేషణలో వేసే స్టాటిస్టికల్ బొమ్మ వేరు. రెండోదాంట్లో X*W కి కూడా ఒక బాక్సు ఉంటుంది, అది మెథడాలజీ చాప్టర్‌లోకి వెళ్తుంది.

అన్నీ కుదిరాక మీ బొమ్మ ఇంతే:

```
             W
             |
             | H5 (-)
             v
   X ----- H2 (+) -----> M ----- H3 (+) -----> Y
   |                                           ^
   |                                           |
   +----------------- H1 (+) ------------------+
```

నాలుగు బాక్సులు, నాలుగు బాణాలు. అక్షరాలు నేను ఇక్కడి సౌకర్యం కోసం వాడాను, మీ బొమ్మలో పూర్తి పేర్లు రాయండి.

ఒకటి మర్చిపోయాను. మీ పాత బొమ్మలో అలసటకీ తృప్తికీ మధ్య రెండు కొనల బాణం ఉంది, "ఇవి ఒకదాన్నొకటి ప్రభావితం చేస్తాయి" అని పక్కన రాశారు. తృప్తి ఎలాగూ పోతోంది గానీ ఇంకెక్కడా అలా వాడకండి. పాత్ డయాగ్రమ్ సంప్రదాయంలో రెండు కొనల వంపు బాణానికి అర్థం, ఈ రెండూ కలిసి మారతాయి, ఏది దేనికి కారణమో చెప్పడం లేదు అని. ఒకదాన్నొకటి ప్రభావితం చేస్తాయనడానికి విడివిడిగా రెండు ఒంటి కొన బాణాలు కావాలి, వాటిని పరీక్షించడానికి కనీసం రెండు సమయాల్లో తీసిన డేటా కావాలి. మీది ఒక్కసారి చేసే సర్వే.

ఆ మాటకొస్తే, ఒక్కసారి సర్వేతో మీ బొమ్మలోని ఏ బాణం దిక్కూ డేటాతో రుజువు కాదు. అలసిపోయినవాళ్ళకే పనిభారం ఎక్కువగా అనిపిస్తూ ఉండొచ్చు, మానేద్దామని నిర్ణయించుకున్నవాళ్ళకి అన్నీ భారంగానే కనిపించొచ్చు. బాణం ఎటు వెళ్తుందన్నది మీ సిద్ధాంతం చెప్తున్న మాట, డేటా దానికి సరిపోతోందా లేదా అన్నది మాత్రమే మీరు చూస్తారు. ఈ సంగతి లిమిటేషన్స్‌లో నిజాయితీగా రాయండి, హైపోథిసిస్‌లలో "కారణమవుతుంది" అన్న మాట బదులు "సంబంధం ఉంటుంది" అని రాయండి. పైన నేను సులువుగా ఉంటుందని "పెరిగితే పెరుగుతుంది" అన్నాను, ప్రపోజల్‌లో అది "ధనాత్మక సంబంధం" కావాలి.

ఇక గీయడం. ఎడమ నుంచి కుడికి, కారణం ఎడమన, ఫలితం కుడిన. బాణాలు ఒకదాన్నొకటి కోసుకోకూడదు. కోసుకుంటున్నాయంటే బాక్సుల చోట్లు మార్చాలి, నాలుగు బాక్సుల్లో అది ఎప్పుడూ సాధ్యమే. ప్రతి బాణం మీదా హైపోథిసిస్ నంబరూ గుర్తూ రాయండి. అన్నీ దీర్ఘచతురస్రాలే పెట్టండి. కొన్ని అండాకారంలో, కొన్ని చతురస్రంగా అందం కోసం పెడితే, స్ట్రక్చరల్ ఈక్వేషన్ మోడల్ తెలిసినవాళ్ళు అండాకారాన్ని నేరుగా కొలవని లేటెంట్ వేరియబుల్ అని చదువుతారు. రంగుల మీద ఆధారపడకండి, నలుపు తెలుపు ప్రింటులో ఎర్ర బాణమూ నీలం బాణమూ ఒకటే. వర్డ్‌లో గీస్తుంటే ముందు డ్రాయింగ్ కాన్వాస్ పెట్టి అందులోనే గీయండి, బయట కనెక్టర్ అతుక్కోదు. బాణాన్ని వదులుగా వదలకుండా కనెక్టర్‌తో బాక్సు అంచుకి అతికించండి, చివర్లో అన్నిటినీ ఎంచుకుని గ్రూప్ చేయండి. లేకపోతే పేరా ఒక లైను జరగగానే బాణాలు ఒకచోట, బాక్సులు ఇంకోచోట అవుతాయి. మోడరేటర్ బాణంతో మాత్రం చిక్కే, వర్డ్‌లో కనెక్టర్ ఇంకో గీత నడుముకి అతుక్కోదు. H2 బాణం మధ్యలో "H2 (+)" అని ఒక చిన్న టెక్స్ట్ బాక్సు పెట్టి, దాని అంచు తీసేసి, మోడరేటర్ బాణాన్ని దాని పై అంచుకి అతికించండి. నేను అలాగే చేస్తాను, కదలదు.

గైడ్‌కి పంపేముందు రెండు పనులు చేయండి. మొదటిది, ఒక పట్టిక. ఒక్కో వరసలో ఒక హైపోథిసిస్: నంబరు, బొమ్మలో ఏ బాణం, ఎందుకని సిద్ధాంతం చెప్తుంది, ప్రశ్నావళిలో ఏ ప్రశ్నలు దాన్ని కొలుస్తాయి, ఏ గుణకం చూసి తేలుస్తారు. H4 వరసలో బాణం గడిలో "H2, H3 కలిసి" అని, గుణకం గడిలో "a × b" అని వస్తుంది, a అంటే H2 బాణం విలువ, b అంటే H3 బాణం విలువ. కాస్త ఆగి చూస్తే అక్కడ ఒక చిక్కు కనిపిస్తుంది: H5 నిలిస్తే a ఒక్క అంకెగా ఉండదు, మద్దతుని బట్టి మారుతుంది, కాబట్టి పరోక్ష ప్రభావమూ మారుతుంది. పై అంకెలతో, b = 0.4 అయితే మద్దతు 1 దగ్గర 0.20, మద్దతు 5 దగ్గర 0.04. దీన్ని మోడరేటెడ్ మీడియేషన్ అంటారు. దానికి ఆరో హైపోథిసిస్ రాయొచ్చు, బొమ్మలో ఒక్క గీత కూడా పెరగదు. లేదా మామూలు మీడియేషన్‌ని ముందు మద్దతు లేకుండా ఒకసారి పరీక్షించి, తర్వాత మోడరేషన్ విడిగా చూస్తామని రాయొచ్చు. ఇది గైడ్‌తో మాట్లాడి తేల్చుకోవాల్సిన విషయం, మీరే ముందు ఎత్తితే మంచిది.

రెండో పని, మీ టాపిక్ తెలియని ఒక స్నేహితురాలికి బొమ్మ ఒక్కటే ఇవ్వండి, హైపోథిసిస్‌లు చూపించకండి. "ఈ బొమ్మ ఏం చెప్తోందో వాక్యాల్లో రాయి" అనండి. ఆమె రాసిన వాక్యాల్ని మీ వాటి పక్కన పెట్టి చూడండి. మీ దగ్గర లేని వాక్యం ఆమె రాస్తే ఒక బాణం ఎక్కువుంది. మీ దగ్గరున్న వాక్యం ఆమెకి రాకపోతే ఒక బాణమో, గుర్తో, బొమ్మ కింద రాయాల్సిన లైనో తక్కువుంది. H5 దగ్గర ఆమె "మద్దతు అలసటని తగ్గిస్తుంది" అని రాస్తే మోడరేటర్ బాణం కొన బాణం మీద కాకుండా బాక్సుకి దగ్గరగా వాలిందన్నమాట, దాన్ని ఎడమకి జరపండి.

బొమ్మ కింద ఈ మూడు వాక్యాలు పెట్టి పంపండి: "H1 మొత్తం ప్రభావాన్ని సూచిస్తుంది. H4 అంటే H2, H3 గుండా వెళ్ళే పరోక్ష ప్రభావం. కంట్రోల్ వేరియబుల్స్: వయసు, అనుభవం, జీతం." H1 విషయంలో మీరు నేరు ప్రభావాన్ని ఎంచుకుంటే మొదటి వాక్యం మార్చడం మర్చిపోకండి.